చెయ్యి పైకెత్తితే నడుము ఎందుకు వంగుతోంది? లాట్స్‌కీ తుంటికీ నిజంగా లింకుందా?

గాజువాక_శీను
హోల్‌సేల్ మందుల గోడౌన్‌లో పని నాది. రోజంతా పై ర్యాకుల్లోకి కార్టన్లు ఎక్కించడమే. సాయంత్రం జిమ్, అక్కడ పుల్ అప్స్ అంటే కాస్త పిచ్చి. కొన్నాళ్లుగా గమనిస్తున్నా, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తగానే నడుము లోపలికి పోయి పొట్ట ముందుకి తోసుకొస్తోంది. సాయంత్రానికి నడుం కింద, కుడి పక్కన పట్టేస్తోంది. జిమ్‌లో ఒకాయన కోర్ వీక్ అన్నాడు, ఇంకొకాయన నీ లాట్స్ బిగుసుకుపోయాయి అన్నాడు. లాట్స్ అంటే వీపు రెక్కలు కదా, చేతిని లాగే కండ. దానికీ నడుముకీ సంబంధం ఏటి? తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

మురీమిక్చర్
కార్టన్లు కింది ర్యాకులో పెట్టు. సమస్య ఖతం. ఫీజు బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ రూపంలో చెల్లించు.

ఐరన్_గోపి
రెండో ఆయనే కరెక్ట్ బ్రదర్. లాట్ చేతి దగ్గర మొదలై నడుం మీదున్న తెల్ల పొరలోకి వెళ్లి అక్కణ్ణించి అవతలి పక్క గ్లూట్‌లో కలుస్తుంది. కుడి లాట్, ఎడమ పిర్ర, రెండూ ఒకటే గొలుసు. నడిచేటప్పుడు కుడిచెయ్యి, ఎడమకాలు కలిసి కదలడం అందుకే. మా క్లయింట్లలో నడుం నొప్పి ఉన్నవాళ్లందరికీ ఈ గొలుసు మీదే వర్క్ చేయిస్తా. ఒంటికాలి డెడ్‌లిఫ్ట్, అవతలి చేత్తో రోయింగ్. అదే మందు.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
"నడుం నొప్పి ఉన్నవాళ్లందరికీ" అన్నప్పుడే నాకు డౌటొచ్చింది గోపీ. పొరలు కలిసి ఉండటం వేరు, వాటి గుండా బలం వెళ్లడం వేరు. ఎంత బలం వెళ్తుందో ఎవరైనా కొలిచారా? నేను మెకానికల్ వాణ్ణి, నాకు నంబరు కావాలి.

పెందుర్తి_లక్ష్మి
మా అమ్మకీ ఇంతేనండి, చెయ్యి పైకి లేవట్లేదు, జడ వేసుకోలేకపోతోంది. షుగర్ కూడా ఉంది. ఈ లాట్స్ సాగదీస్తే తగ్గుతుందా?

ఎంవీపీ_ఫిజియో
లక్ష్మి గారూ, మీ అమ్మగారిది వేరే కథలా ఉంది. ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఆవిడ చెయ్యి వదులుగా పెట్టుకుంటే మీరు మెల్లగా ఎత్తి చూడండి. మీరు ఎత్తినా లేవకపోతే, ముఖ్యంగా మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే అసలు తిరగకపోతే అది భుజం కీలు గట్టిపడటం. షుగర్ ఉన్నవాళ్లలో బాగా చూస్తాం. దానికి లాట్స్‌తో పనిలేదు, ఆర్థోకి చూపించండి.

శీనూ, నీ ప్రశ్నకొస్తా. లాట్ పై కొన సన్నగా అయి భుజం ఎముక ముందు వైపు, చంక లోపలి నుంచి వెళ్లి అతుక్కుంటుంది. కింది కొన మాత్రం చాలా పెద్దది. వీపు మధ్యలో ఉన్న వెన్నుపూసలకి కొంత, కింది మూడు నాలుగు పక్కటెముకలకి కొంత, తుంటి ఎముక పైఅంచు వెనక భాగానికి నేరుగా కొంత. మిగతాది నడుం మీది తెల్లటి మందపాటి పొరలోకి, అదే థొరాకోలంబార్ ఫేషియా. ఆ పొర నడుం పూసలకీ, వాటి కింద త్రికాస్థికీ అతుక్కుని ఉంటుంది. అంటే ఒక కొన చేతికి, ఇంకో కొన తుంటికి. చెయ్యి నెత్తి మీదికి వెళ్తే పై కొన దూరం జరుగుతుంది. కండకి సాగే పొడవు చాలకపోతే రెండే దారులు, చెయ్యి ఆగిపోవాలి లేదా కింది కొన పైకి రావాలి. కింది కొన పైకి రావడం అంటే తుంటి ముందుకి వాలి నడుము లోపలికి పోవడమే. నువ్వు కార్టన్ ఎక్కించి తీరాలి కాబట్టి చెయ్యి ఆగదు, నడుము ఇస్తుంది.

కాకపోతే ఇది నీ విషయంలో నిజమో కాదో పరీక్షించకుండా చెప్పకూడదు. వీపు పైభాగం బిగుసుకున్నా, భుజం ముందున్న కండలు పట్టేసినా నడుము ఇలాగే వంగుతుంది.

గాజువాక_శీను
పరీక్ష చెప్పండి మేడం, ఇవాళే చేసేస్తా.

ఎంవీపీ_ఫిజియో
నేల మీద వెల్లకిలా పడుకో, పరుపు మీద కాదు. మోకాళ్లు మడిచి పాదాలు నేలకి ఆనించు. పక్కన ఒకళ్లు కూర్చుని నీ నడుం కింద చెయ్యి పెట్టాలి. నువ్వు ఆ చేతిని నడుంతో మెత్తగా నొక్కి ఉంచాలి, పరీక్ష అయ్యేదాకా వదలకూడదు. ఇప్పుడు చేతులు తిన్నగా సీలింగు వైపు ఎత్తి, మోచేతి లోపలి ముడతలు నీ మొహం వైపు చూసేలా తిప్పు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు, అరచేతిని మాత్రం తిప్పుతారు, అది ముంజేతి మెలిక, భుజం కదలదు. ముడతని చూసుకో. లాట్ చేతిని లోపలికి తిప్పే కండ కూడా కాబట్టి బయటికి తిప్పితే ఇంకాస్త బిగుస్తుంది, దాచుకోవడానికి చోటుండదు.

అలాగే ఉంచి చేతుల్ని తల మీదుగా నేలకి దించు. నడుం కింద నొక్కు వదులైన క్షణంలో ఆగు. మణికట్టు నేలకి ఎంత ఎత్తులో ఉందో పక్కవాళ్లని చూడమను. తరవాత నడుముని దాని ఇష్టానికి వదిలేసి మళ్లీ దించు. రెండింటికీ తేడా ఎంత?

ఇంకొకటి. నడుము మళ్లీ నొక్కి పెట్టి కాళ్లు చాపి రెండింటినీ కలిపి ఎడమకి జరుపు, వీపు పైభాగం కదలకుండా. అప్పుడు కుడి పక్క సాగుతుంది. కుడిచెయ్యి ఇంకా పైకి లేచిపోతుందా? తరవాత కాళ్లు కుడికి జరిపి చూడు. ఈ రెండో భాగం ఎందుకంటే, మొదటిదాంట్లో ఒక మోసం ఉంది. నడుము వంగినప్పుడు పక్కటెముకలు కూడా విచ్చుకుని వీపు పైభాగం వెనక్కి వాలుతుంది, దాంతో లాట్ ప్రమేయం లేకుండానే చెయ్యి కిందికి వస్తుంది. కాళ్లు పక్కకి జరిపితే ఆ గొడవ చాలా తగ్గుతుంది. భుజానికి ఏమీ చెయ్యలేదు, తుంటిని మాత్రమే జరిపావు, అయినా చెయ్యి మారిందంటే రెండింటినీ దాటే కండే కారణం.

మురీమిక్చర్
ఇంట్లో నేల మీద పడుకుని నడుం కింద చెయ్యి పెట్టమంటే మా ఆవిడ "ఏం రోగం" అంది. పరీక్ష వాయిదా.

సీతమ్మధార_రాజు
చెయ్యి నుంచి తుంటికి లింకు ఉందా అని ఎవరైనా అడిగితే మా తమ్ముణ్ణి చూపిస్తా. కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతింది, టి10 దగ్గర, అంటే వీపు పూసల్లో పదోది. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు, కాళ్లు కదలవు. కాళ్లకి పొడవాటి కాలిపర్స్ వేసుకుని ఎల్బో క్రచెస్‌తో గదిలో నాలుగు అడుగులు వేస్తాడు. ఎలాగంటే, రెండు క్రచెస్ మీద చేతులు కిందికి నొక్కి, ఒక పక్క తుంటిని అమాంతం పైకి లాగుతాడు, ఆ కాలు నేల వదిలాక ముందుకి ఊగుతుంది. తుంటి దగ్గర కండ ఏదీ పని చెయ్యదు కదా, మరి పైకి ఎలా లాగుతున్నాడని అడిగితే "చంక కింది కండతో" అని చూపించాడు. చెయ్యి వేసి చూస్తే ఇటుకలా గట్టిపడింది.

ఎంవీపీ_ఫిజియో
రాజు గారు చెప్పింది ఈ త్రెడ్‌లో అన్నిటికంటే బలమైన సాక్ష్యం. లాట్‌కి నరం మెడ నుంచి వస్తుంది, సి6 నుంచి సి8 దాకా. కాబట్టి టి10 దగ్గర వెన్ను దెబ్బతిన్నా అది పూర్తిగా పని చేస్తుంది. మామూలుగా తుంటిని పక్క నుంచి ఎత్తే నడుం కండకి నరాలు దెబ్బ కింద ఉన్నాయి, అది పోయింది. మెడ నుంచి నరం తీసుకుని కింద తుంటిని పట్టుకున్న పెద్ద కండ ఇదొక్కటే. అందుకే పారాప్లీజియా, అంటే రెండు కాళ్లూ చచ్చుబడిన వాళ్లకి మేం లాట్స్‌ని ముందు నుంచే బలపరుస్తాం. మంచం నుంచి చక్రాల కుర్చీలోకి జరగడానికి కూడా అదే ఆధారం.

మామూలప్పుడు తుంటి కదలకుండా ఉంటుంది, చెయ్యి కదులుతుంది. ఇక్కడ చెయ్యి క్రచ్ మీద కదలకుండా ఉంది, తుంటి కదిలింది. కండ అదే.

ఐరన్_గోపి
చూశారా, నేను ముందే అన్నా! గొలుసు.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
ఆగు గోపీ. రాజు తమ్ముడు లాగింది అదే పక్క తుంటిని. నువ్వన్నది అవతలి పక్క పిర్ర. ఈ రెండూ ఒకటి ఎలా అవుతాయి?

ఐరన్_గోపి
ఫేషియా మధ్యలో క్రాస్ అవుతుంది సార్. డిసెక్షన్ ఫోటోల్లో పోగులు ఇటు నుంచి అటు వెళ్లడం స్పష్టంగా కనిపిస్తుంది. నేను ఊహించి చెప్పట్లేదు.

ఎంవీపీ_ఫిజియో
గోపి చెప్పింది సగం నిజం, ఆ సగం కాస్త గట్టిదే. 1995లో వ్లీమింగ్ బృందం మృతదేహాల మీద పొరని విప్పి, కండల్ని ఒక్కొక్కటిగా లాగి పొర ఎంత దూరం కదులుతోందో చూశారు. నడుం నాలుగో పూస దాకా పొర మధ్యలో పూసలకి గట్టిగా పట్టుకుని ఉంది. దాని కింద మాత్రం పట్టు వదులు, అక్కడ పోగులు మధ్యగీత దాటి అవతలి పక్కకి వెళ్తాయి, లాగితే అవతలి పక్క కూడా కదిలింది. పిర్ర పెద్దకండ పోగులు కూడా అదే పొరలోకి వస్తాయి. కాబట్టి దారి ఉంది.

ఎంత బలం అన్నది రిటైర్డ్ సార్ ప్రశ్న. 1998లో బోగ్డక్ బృందం లాట్‌ని పాయ పాయగా విడదీసి, ఒక్కో పాయ మందం కొలిచి అది గరిష్టంగా ఎంత లాగగలదో లెక్కగట్టారు. త్రికాస్థికీ తుంటికీ మధ్య ఉండే ఎస్ఐ జాయింట్‌ని దాటి వెళ్లే లాగుడు మహా అయితే 30 న్యూటన్లు. నడుముని వెనక్కి వంచే టార్క్ 6.3 న్యూటన్ మీటర్లు. వాళ్ల తీర్పు ఏమిటంటే ఇది చేతిని కదిపే కండ, నడుముకీ ఎస్ఐ జాయింట్‌కీ అది ఇచ్చే సాయం లెక్కలోకి రాదు అని.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
30 న్యూటన్లు అంటే మూడు కిలోల బరువు. మా మనవడి స్కూల్ బ్యాగు దీనికి రెట్టింపు ఉంటుంది. దీంతో జాయింట్ బిగించేస్తుందా! అయితే నాకింకో తిరకాసు. మూడు కిలోలే అయితే రాజు తమ్ముడి తుంటి ఎలా లేచింది?

ఎంవీపీ_ఫిజియో
మంచి ప్రశ్న సార్. ఆ 30 ఎస్ఐ జాయింట్‌ని అడ్డంగా దాటే పాయలది, కండ మొత్తానిది కాదు. బయటి పక్కన తుంటి అంచుని నేరుగా పట్టుకున్న పాయలు పక్క వెంట నిటారుగా పైకి లాగుతాయి. అవి జాయింట్‌ని నొక్కవు, తుంటిని ఎత్తుతాయి, అంతే. పైగా క్రచెస్ మీద నొక్కినప్పుడు ఒళ్లంతా రెండు చేతుల మధ్య వేలాడుతోంది, ఆ పక్క కాలి మీద బరువు దాదాపు లేదు. ఎత్తాల్సింది ఒక పక్క తుంటి, దానికి వేలాడే కాలు. అంటే తమ్ముడి విషయంలో ప్రధానంగా పని చేసింది ఎముకకి నేరుగా ఉన్న పట్టు, ఫేషియా పాత్ర తక్కువ. గోపి గొలుసుకి ఇది సాక్ష్యం కాదు.

జాలరిపేట_కుర్రోడు
మా నాన్నవాళ్లు ఒడ్డు మీద వల లాగేటప్పుడు చేతులు వంచరు. తాడు పట్టుకుని వెనక్కి వాలి మడమలు ఇసకలో గుచ్చి కాళ్లతో వెనక్కి నడుస్తారు. చేతులు వంచి లాగితే సాయంత్రానికి చచ్చిపోతావురా అంటారు. అంటే కాలి బలం వీపు మీంచి చేతికి వెళ్తున్నట్టేగా?

ఐరన్_గోపి
అదీ! పొరలూ పోగులూ తెలియకపోయినా వాళ్లకి అనుభవం ఉంది.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
కాలి బలం చేతికి వెళ్తుంది, కాదనట్లేదు. ఏ దారిన వెళ్తోంది అనేది ప్రశ్న. వెన్నెముక ఉంది, దాని పక్కన తాళ్లలాంటి పెద్ద కండలు ఉన్నాయి. అంతా ఆ పొర మీద వేసెయ్యడం ఎందుకు?

సీతమ్మధార_రాజు
మా పిన్నికి రొమ్ము ఆపరేషన్ తరవాత వీపు మీంచి ఈ కండ తీసి ముందుకి తిప్పి వేశారు. ఆవిడ సింహాచలం మెట్లు చక్కగా ఎక్కుతోంది. కుర్చీ చేతుల మీద నొక్కి లేవాలంటే మాత్రం ఆ పక్క బలం చాలదంటుంది.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
చూశావా గోపీ. కుడి లాట్, ఎడమ పిర్ర గొలుసు అంత కీలకమైతే ఆవిడ నడక దెబ్బతినాలి కదా.

ఐరన్_గోపి
ఒక్క మనిషిని పట్టుకుని తీర్పు చెప్పెయ్యకండి సార్. శరీరం సర్దుకుంటుంది. నా క్లయింట్లకి రిజల్ట్ వస్తోంది, నాకు అదే ముఖ్యం.

ఎంవీపీ_ఫిజియో
గోపి తరఫున ఒకటి చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2013లో బ్రెజిల్ పరిశోధకులు బతికున్న మనుషుల మీదే చేశారు, 37 మంది మీద. ఒక పక్క లాట్‌ని సాగదీసినా, బిగించమన్నా అవతలి పక్క తుంటి కీలు విశ్రాంతిగా ఉండే స్థానం కొద్దిగా బయటికి తిరిగింది. బిగించినప్పుడు ఆ కీలు కాస్త గట్టిపడింది కూడా. కాబట్టి అవతలి పక్కకి బలం వెళ్తోందన్నది నిజం.

నా లెక్కలో బోగ్డక్ లెక్కా, ఈ ఫలితమూ కొట్టుకోవు. వదులుగా ఉన్న కాలు కాస్త తిరగడానికి కొద్దిపాటి లాగుడు చాలు. ఒంటి బరువు మోస్తున్న ఎస్ఐ జాయింట్‌ని బిగించాలంటే అది చాలదు. ఎటొచ్చీ నడుస్తున్నప్పుడు, బౌలింగ్ వేస్తున్నప్పుడు ఆ పొరలో ఎంత బలం వెళ్తుందో విశ్రాంతి స్థితి కొలతల నుంచి తేల్చలేం. గోపి వ్యాయామాల వల్ల మేలు జరిగితే జరగొచ్చు, పిర్ర కండ, నడుం కండ బలపడినా అదే ఫలితం వస్తుంది. గొలుసు వల్లే వచ్చిందని దాంతో రుజువు కాదు.

ఐరన్_గోపి
నేను ఒప్పుకోను గానీ, సరే. ఆ 2013ది నాకు పనికొస్తుంది.

గాజువాక_శీను
మీరంతా కొట్టుకుంటుండగా నేను పరీక్ష చేసేశా. మా బావమరిది నడుం కింద చెయ్యి పెట్టాడు, నవ్వాపుకోలేక రెండుసార్లు తీసేశాడు. నడుము నొక్కి ఉంచితే ఎడమ మణికట్టు నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఆగింది, కుడిది జానెడు పైనే. నడుము వదిలేస్తే రెండూ నేలకి తగిలాయి. కాళ్లు ఎడమకి జరిపితే కుడిచెయ్యి ఇంకో మూడు వేళ్లు పైకి లేచింది, చంక కింద నుంచి పక్క వెంట బిగుతు తెలిసింది. కుడికి జరిపితే దిగింది. ఎడమచేతికి కాళ్లు ఎటు జరిపినా పెద్ద తేడా లేదు.

ఎంవీపీ_ఫిజియో
అయితే కుడి లాట్ మీద అనుమానం బాగానే నిలబడింది. బిగుతు ఎక్కడ తెలిసిందన్నది కూడా ముఖ్యం. చంక కింద, పక్క వెంట అన్నావు, అది లాట్ చోటే. భుజం పైన గుచ్చినట్టుంటే ఈ దారిలో వెళ్లొద్దనేదాన్ని, అది కీలు గొడవ.

చెయ్యాల్సింది ఇది. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని మోచేతులు కుర్చీ మీద ఆనించు, అరచేతులు మొహం వైపు. ముందు పిర్రల్ని కిందికి మడిచి నడుము చదును చెయ్యి, ఆ తరవాత మడమల మీదికి వెనక్కి జరుగు. ఈ వరస తిరగబడితే నడుము వంగిపోతుంది, కింది కొన పైకి వచ్చేస్తుంది, నువ్వు సాగదీస్తున్నానని అనుకుంటావు గానీ కండ సాగదు. కుడి పక్క కోసం తుంటిని కాస్త కుడికి జరుపు, ఛాతీ నేల వైపే ఉండాలి. అర నిమిషం, మూడు నాలుగు సార్లు. పుల్ అప్స్ మానక్కర్లేదు, కింద పూర్తిగా చేతులు చాచి వేలాడే దాకా దిగుతున్నావా లేదా చూసుకో. సగంలోంచే మళ్లీ పైకి వెళ్లేవాళ్లు ఎక్కువ.

మొదటి వారంలోనే చెయ్యి దిగితే కండ పొడవైందని అనుకోకు, సాగుడుని తట్టుకోవడం అలవాటైందంతే. అదీ మంచిదే.

గాజువాక_శీను
పిర్రలు మడిచి వెనక్కి జరిగితే నిజంగానే వేరేలా ఉంది మేడం, ఇన్నాళ్లూ జిమ్‌లో చేసిన స్ట్రెచ్‌లో ఇంత తెలిసేది కాదు. మరి నడుం నొప్పి దీనివల్లేనా?

ఎంవీపీ_ఫిజియో
అది నేను చెప్పలేను. బరువు పట్టుకుని నెత్తి మీదికి ఎత్తినప్పుడల్లా నడుము లోపలికి పోవడానికి కారణం దొరికింది. ఆ వంపులో రోజంతా కార్టన్లు ఎత్తితే నడుం కీళ్లు సణుగుతాయి, అది సబబుగానే ఉంది. కానీ కుడి పక్కే ఎందుకు అన్నదానికి వేరే కారణాలూ ఉండొచ్చు, నువ్వు ఎప్పుడూ ఒకే వైపు తిరిగి ఎత్తుతున్నావేమో చూడు. తేల్చే దారి ఒకటుంది. స్టూలు ఎక్కి, కార్టన్ ఛాతీ ఎత్తులోనే లోపలికి తోసేలా కొన్నాళ్లు పని చెయ్యి. నొప్పి తగ్గితే వంపు మీద అనుమానం బలపడుతుంది. అప్పటికీ అలాగే ఉంటే లాట్స్‌ని వదిలేసి ఎవరికైనా చూపించుకో. కాలిలోకి తిమ్మిరి దిగితే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు.

గాజువాక_శీను
గోడౌన్‌లో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద ఓనరు టేబుల్ ఫ్యాను పెట్టుకున్నాడు. ఈ ఉక్కలో అడిగితే ఉద్యోగం ఉంటుందా?

మురీమిక్చర్
ఫ్యానుని పై ర్యాకులో పెట్టు. నడుము చదునుగా ఉంచి పెట్టాలి మరి.

పెందుర్తి_లక్ష్మి
మేడం, అమ్మ చెయ్యి నేను ఎత్తినా లేవలేదు, బయటికి అసలు తిరగట్లేదు. సోమవారం ఓపీకి తీసుకెళ్తున్నాం. షుగర్ రిపోర్టులు కూడా పట్టుకెళ్లాలా?

ఎంవీపీ_ఫిజియో
తప్పకుండా. ఇంజెక్షన్ వెయ్యాలంటే డాక్టరు ముందు అవే అడుగుతారు.

స్టీల్‌ప్లాంట్_రిటైర్డ్
నాకింకా ఒకటి మిగిలింది. నడుస్తున్న మనిషిలో ఆ పొర బిగుతుని నేరుగా కొలిచే పద్ధతి ఏదైనా ఉంటే ఎవరైనా పెట్టండి. గోపీ, నువ్వు కూడా వెతుకు, క్లయింట్ల ముందూ తరవాతా ఫోటోలు మాత్రం వద్దు.